గట్టిమేళం దగ్గర రెండు ఫ్రేములు

(గుంటూరులో పెళ్ళి ఫొటో, వీడియో పనివాళ్ళు కలుసుకున్న సభలో చెప్పిన మాటలు. రికార్డింగు నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనాలకి ముందు నన్ను నిలబెట్టారు కాబట్టి మీ ఆకలి సంగతి నాకు తెలుసు. నన్ను కథ చెప్పమన్నారు. కథే చెప్తాను, కుర్రాడు కల్పితం, పని మాత్రం కల్పితం కాదు, అది మీరు రోజూ చేసేదే. పేరు పెడితే ఎవరో ఒకరు "అది మా వాడి గురించేనా" అని అడుగుతారు, అందుకని వాళ్ళింట్లో పిలిచినట్టే చిన్నోడు అందాం.

చిన్నోడిది తెనాలి. ఇరవై రెండేళ్ళు. ఒక మిక్సింగ్ షాపులో పని చేస్తాడు, ఎడియస్ మీద చెయ్యి బాగా తిరిగింది, రెడీమేడ్ ప్రాజెక్టులు పెట్టుకుని రోజుకో పెళ్ళి దించేస్తాడు. పెదనాన్న కూతురు పెళ్ళయింది. షూటింగ్ ఎవరికో ఇచ్చారు, మిక్సింగ్ మాత్రం మనోడే కదా అని వీడికి. డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు, అది మీకు వేరే చెప్పాలా. ఎత్తకపోతే పోయారు, హార్డ్ డిస్కన్నా టైముకిచ్చారా? అదీ లేదు. రేపు పొద్దున్న ఆరింటికి అక్కా బావా కారెక్కాలి అనగా ఈ రాత్రి తొమ్మిదింటికి తెచ్చి చేతిలో పెట్టారు.

పొద్దున్న ఆరు ఎందుకంటే, బావగారి నానమ్మ రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో ఉంటుంది, మంచం దిగలేదు, పెళ్ళికి రాలేదు. పొద్దున్నే ఆవిడ దగ్గరికెళ్ళి టీవీలో పెళ్ళి చూపించి, మధ్యాహ్నం వెనక్కొచ్చి గన్నవరంలో సాయంత్రం ఫ్లైట్ ఎక్కాలి. తర్వాత మళ్ళీ ఎప్పుడొస్తారో. ఆవిడ ఇంట్లో నెట్ లేదు, లాప్‌టాప్ లేదు, ఓ పాత టీవీ ఉంది, దానికి పెన్ డ్రైవ్ పెట్టే కన్నం ఉంది. ఈ టీవీ సంగతి గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో దానితో పని ఉంది.

"ఒరేయ్ చిన్నోడా, హైలైట్స్ అవీ వద్దురా, నానమ్మకి మొత్తం కావాలి" అంది అక్క. మొత్తం అంటే రెండు గంటల పైన. ఉన్నది తొమ్మిది గంటలు. రా ఫుటేజ్ కూడా దాదాపు అంతే ఉంది, అంటే కూర్చుని ఒకసారి చూస్తే తెల్లారిపోతుంది.

ఇక్కడ వీడు చేసిన మొదటి పని నాకు నచ్చింది. మనం మామూలుగా ఏం చేస్తాం, టైటిల్స్‌తో మొదలుపెడతాం. వినాయకుడు, శుభలేఖ, పూలరేకులు ఎగురుతూ పేర్లు రావడం, దానికే గంట పోతుంది. వీడు టైటిల్ ముట్టుకోలేదు. గౌరీపూజా వదిలేశాడు, ఎదురుకోళ్ళూ వదిలేశాడు, తిన్నగా జీలకర్ర బెల్లం దగ్గరికి వెళ్ళాడు. శుభలేఖలో వేసిన ముహూర్తం దానిదే, ఆ నానమ్మ చూసేది కూడా అదే. మిగతా వాటిలో తప్పు పోయినా ఎవరూ పట్టుకోరు. ఒక కెమెరా క్లిప్పులు వరసగా పేర్చి అనవసరమైనవి కోసేస్తే సరిపోతుంది. ముహూర్తం దగ్గర మాత్రం మూడు కెమెరాలు కలపాలి, కలిపింది కలిపినట్టు తెలియకూడదు.

మూడు ఏవేవంటే, పీటల పక్కనే మెయిన్ కెమెరా. హాలు చివర, సుమారు 90 అడుగుల వెనక, ఎత్తు స్టాండ్ మీద జూమ్ వేసి పెట్టిన రెండోది. మూడోది పిన్ని ఫోను.

పిన్ని ఫోను ఎందుకొచ్చిందంటే మామయ్య వల్ల. పెళ్ళికూతురి మేనమామ. బుట్టలో పిల్లని తెచ్చి కూర్చోబెట్టినవాడు, పక్కకి జరగమని ఎవరనగలరు? సరిగ్గా తెర తీసే ముందు ఆయన వంగి అక్క కొంగు సర్దడం మొదలుపెట్టాడు, మెయిన్ కెమెరా నిండా ఆయన పట్టు కండువా, వీపు. నాదస్వరం ఎత్తుకుంది, డోలు మొదలైంది, అందరూ అక్షింతలు వేస్తున్నారు, మన ఫ్రేములో వీపు. ఆయన జరిగేసరికి చేతులు తలల మీద ఉన్నాయి. పెట్టడం మాత్రం లేదు. మీలో కెమెరా పట్టినవాళ్ళు నవ్వుతున్నారంటే మీకూ ఇలాంటి వీపులు తెలుసన్నమాట.

వెనక కెమెరాలో ఆ క్షణం ఉంది, కాస్త దూరంగా. పిన్ని ఫోన్లో దగ్గరగా ఉంది. మెయిన్ కెమెరాలో మంచి సౌండ్ ఉంది. కాబట్టి సౌండ్ మెయిన్ కెమెరాది, బొమ్మ ముందు వెనక కెమెరాది, పెట్టే క్షణానికి పిన్నిది, చేతులు పెట్టాక మళ్ళీ మెయిన్. కాగితం మీద రెండు నిమిషాల పని.

సింక్ బటన్ నొక్కాడు. సాఫ్ట్‌వేర్ రెండు కెమెరాల ఆడియో పోల్చి చూసి వాటంతట అవే పక్కపక్కన పెడుతుంది, మనందరికీ అలవాటే. పెట్టింది. ప్లే చేస్తే పంతులుగారి మంత్రం ప్రతి అక్షరం రెండుసార్లు వినపడుతోంది, అక్షింతలు ఒక కెమెరాలో పడ్డాక ఇంకో కెమెరాలో పడుతున్నాయి. మళ్ళీ నొక్కితే వేరే చోట పెట్టింది.

ఎందుకంటే ఆడియో సింక్ పని చేయాలంటే ఆడియోలో ఎత్తుపల్లాలు ఉండాలి. గట్టిమేళంలో ఉండవు. పీటల పక్కన ఉన్న కెమెరాలో మైకు ఆటోలో పెట్టి ఉంటుంది, డోలు దెబ్బకి అది పైకప్పుకి తగిలి అక్కడే ఆగిపోతుంది, వేవ్‌ఫామ్ చూస్తే పై నుంచి కింద దాకా గోడ కట్టినట్టు ఒకటే పచ్చ. దాంట్లో ఏది ఏ దెబ్బో మనిషికే తెలియదు. పైగా దరువు ఒకే వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది కదా, సాఫ్ట్‌వేర్‌కి ఈ ఆవర్తం అయినా ఒకటే, తర్వాతది అయినా ఒకటే. సరిగ్గా ఒక ఆవర్తం పక్కకి పెట్టేసి, దొరికింది అనుకుంటుంది. మీకు ఎప్పుడైనా డోలు చక్కగా కలిసి, మంత్రం మాత్రం కలవకపోతే, జరిగింది ఇదే. డోలుతో చెక్ చేయకండి, మాటతో చెక్ చేయండి.

సినిమావాళ్ళకి క్లాప్ ఉంటుంది. మనకెవరు కొడతారు? చిన్నోడు కాసేపు తల పట్టుకుని, ఆడియో మ్యూట్ చేసి ఉత్త బొమ్మ చూశాడు. స్టిల్ ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొడుతున్నాడు.

ఇది కొంచెం నిదానంగా చెప్తాను. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యోవంతు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది. మన టైమ్‌లైన్ సెకనుకి 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కాబట్టి ఫ్లాష్ ఒక్క ఫ్రేములోనే పడుతుంది. చాలాసార్లు ఫ్రేము మొత్తం కూడా తెల్లబడదు, సగం మాత్రం తెల్లగా ఓ పట్టీలా వస్తుంది, మిగతా పట్టీ పక్క ఫ్రేములోకి పోతుంది, సెన్సర్ బొమ్మని పై నుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి. కస్టమర్లు ఇది చూసి వీడియో పాడైందంటారు. నిజానికి హాల్లో అన్ని కెమెరాలకీ ఒకేసారి కనపడే గుర్తు అదొక్కటే. పాతిక వేలు పెట్టి కొన్న పరికరం చేసే పని మన ఫొటోగ్రాఫర్ తెలియకుండానే చేస్తున్నాడు.

కానీ ఒక్క ఫ్లాష్ చూసి పెట్టేస్తే మోసపోతాం, రెండొందల ఫ్లాషులుంటాయి, ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మూడింటి మధ్య ఎడం లెక్కపెట్టాలి. మెయిన్ కెమెరాలో మామయ్య వీపు మీద ఒక ఫ్లాష్ పడింది, 31 ఫ్రేముల తర్వాత ఇంకోటి, దాని తర్వాత 74 ఫ్రేములకి మూడోది. వెనక కెమెరాలో ఇదే 31, 74 వరస ఎక్కడుందో వెతకాలి. మూడూ కుదిరాయంటే అనుమానం లేదు.

వెతికాడు. మొదటిదీ మూడోదీ దొరికాయి, మధ్యది లేదు. ఇది పావుగంట తినేసింది. చివరికి క్లిప్ వివరాలు చూస్తే వెనక కెమెరా సెకనుకి 50 ఫ్రేముల్లో తీశారు, స్లో మోషన్ కావాలేమోనని అసిస్టెంటు పెట్టి ఉంటాడు. 50 తీసుకొచ్చి 25 టైమ్‌లైన్ మీద వేస్తే ఫ్రేము విడిచి ఫ్రేము చూపిస్తుంది. ఫ్లాష్ సరిగ్గా ఆ వదిలేసిన ఫ్రేములో పడితే మనకి కనపడదు. టైమ్‌లైన్‌లో కాకుండా క్లిప్‌ని విడిగా తెరిచి ఒక్కో ఫ్రేము జరిపితే మధ్య ఫ్లాష్ అక్కడే ఉంది.

ఇప్పుడు బొమ్మలు కలిశాయి. ఆడియో ఆన్ చేశాడు. వెనక కెమెరా సౌండ్ రెండు ఫ్రేములు ఆలస్యంగా ఉంది.

ఇక్కడ చాలామంది ఏం చేస్తారంటే, అయ్యో తప్పు పెట్టామనుకుని క్లిప్ రెండు ఫ్రేములు ముందుకి జరుపుతారు. అప్పుడు సౌండ్ కలుస్తుంది, బొమ్మ చెడుతుంది. వెలుగు ఆలస్యం కాదు, చప్పుడు అవుతుంది. చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, ఒక ఫ్రేము టైములో అది పోయేది 45 అడుగులు. వెనక కెమెరా 90 అడుగుల దూరంలో ఉంది, కాబట్టి రెండు ఫ్రేములు. లెక్క సరిగ్గా ఉంది, ఏదీ తప్పు కాలేదు. అది దూరం, అంతే. పెద్ద కళ్యాణ మండపాల్లో సౌండ్ చూసి సింక్ చేసిన ప్రతిసారీ ఈ తేడా మన వీడియోల్లోకి వస్తోంది. చాలామంది కనిపెట్టలేరు, కానీ ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి కట్ చేసినప్పుడు చెయ్యి అడుగు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చినట్టు చిన్న కుదుపు ఉంటుంది చూడండి, అదే ఇది. చిన్నోడు బొమ్మ కదపకుండా వెనక కెమెరా సౌండ్ మొత్తం తీసేశాడు. మెయిన్ కెమెరా సౌండే అన్నిటి కిందా.

ఇక పిన్ని. వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియో చూస్తే మొహాలు అట్టలు కట్టి ఉన్నాయి, పంపేటప్పుడు అది నలిపేస్తుంది. రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఆ వీడియో డాక్యుమెంట్‌గా పంపవా?"

"డాక్యుమెంట్ ఏంట్రా, అది వీడియో కదా? నీకేమైనా నిద్రమత్తా?"

"అటాచ్ గుర్తు నొక్కితే డాక్యుమెంట్ అని వస్తుంది, అందులోంచి పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది పిన్నీ."

"సర్లే, మీ బాబాయిని లేపుతానుండు. నేను బాగా తీశానా?"

"నీదే బాగుంది పిన్నీ. నీదే వేస్తున్నా."

ఆ ఒక్క మాటతో ఫైలు పది నిమిషాల్లో వచ్చేసింది. ఇది టెక్నిక్ కాదు గానీ రాసుకోండి.

ఫైలు వచ్చింది, ఫ్లాషులతో పెట్టాడు, మొదట్లో కలిసింది, నాలుగు నిమిషాల క్లిప్ చివరికి వచ్చేసరికి దాదాపు అర సెకను పక్కకి పోయింది. ఫోన్లు సెకనుకి 30 అని చెప్పుకుంటాయి గానీ కచ్చితంగా 30 తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గించుకుంటాయి, పెరిగితే మళ్ళీ పెంచుకుంటాయి. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్లో రాసి ఉంటుంది, ఫోన్ ప్లేయర్ అది చదువుకుని చూపిస్తుంది కాబట్టి ఫోన్లో బాగానే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు కొన్ని అది పట్టించుకోకుండా అన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని పేర్చేస్తాయి, దాంతో బొమ్మా సౌండూ విడిపోతాయి. మొదట కలిసి చివర్లో విడిపోతే ఇదీ, మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే పెట్టిన చోటు తప్పూ అనుకోండి. విరుగుడు ఏంటంటే టైమ్‌లైన్‌లో వేయకముందే దాన్ని స్థిరమైన 25కి మార్చడం. చిన్నోడు వాడిన లైను తెర మీద చూడండి:

```
ffmpeg -i pinni.mp4 -vf fps=25 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le -ar 48000 pinni25.mov
```

30ని 25 చేస్తే కొన్ని ఫ్రేములు పోతాయి, కెమెరా పక్కకి తిప్పిన చోట కొంచెం అదురుతుంది. పిన్ని చెయ్యి మాత్రం ఆ ఆరు సెకన్లు కదల్లేదు. వీడికి కావాల్సింది ఆ ఆరు సెకన్లే.

పన్నెండుంపావుకి ముహూర్తం అయింది. ఇద్దరి చేతులూ తలల మీదికి వెళ్ళడం, వేళ్ళ సందుల్లోంచి జీలకర్ర బెల్లం కొంచెం జారడం, డోలు, అక్షింతలు. స్లో మోషన్ పెట్టలేదు, పాట పెట్టలేదు. నన్నడిగితే ఆ చోట పాట పెట్టేవాళ్ళ మీద నాకు కోపం, నాదస్వరం వాళ్ళని డబ్బులిచ్చి పిలిచి, వాళ్ళ గొంతు నొక్కి పైన సినిమా పాట వేస్తాం. సరే, అది నా గొడవ.

మిగతా పెళ్ళి రెండు గంటల్లో పేర్చాడు, మాంగల్యధారణ, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అరుంధతి, అప్పగింతలు. అప్పగింతలు కోయలేదు, పెద్దమ్మ ఏడ్చినంతసేపూ ఉంచాడు. దాని గురించి ఇంకేం చెప్పను. టైటిల్ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు.

మొత్తం 2 గంటల 10 నిమిషాలు. ఇప్పుడు టీవీ సంగతి. పాత టీవీలు చాలావాటికి పెన్ డ్రైవ్ ఫ్యాట్ 32లో ఉంటేనే అర్థమవుతుంది. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, డ్రైవ్ 64 జీబీ అయినా సరే. కాపీ చేయబోతే ఫైలు పెద్దదంటుంది, మనమేమో ఇంత ఖాళీ ఉంటే పెద్దదేంటి అని తిట్టుకుంటాం. బిట్‌రేట్ 10 ఎంబీపీఎస్ పెడితే నిమిషానికి 75 ఎంబీ. 130 నిమిషాలకి పదికి దగ్గర జీబీ. ఒకే ఫైలుగా నాలుగులో ఇరికించాలంటే బిట్‌రేట్ సగం కన్నా కిందికి దించాలి, అప్పుడు అక్షింతలు పడుతుంటే బొమ్మ చతురస్రాలు చతురస్రాలుగా చెదురుతుంది, చిన్న చిన్నవి ఒకేసారి కదిలే చోటే కుదింపు ముందు ఓడిపోతుంది. అందుకని మూడు భాగాలు చేశాడు, ఒక్కోటి 43 నిమిషాలు, సుమారు 3.3 జీబీ. మధ్యలో కరెంటు పోయినా ఒక భాగమే పోతుంది, అదొక లాభం.

మొదటి భాగం రాగానే, మూడింటికి, ముందు గదిలో టీవీకి పెట్టాడు. మూడూ అయ్యేదాకా ఆగలేదు, గమనించండి. సౌండ్ వస్తోంది, బొమ్మ లేదు. నాన్న లేచి "ఏంట్రా ఈ టైములో సన్నాయి" అన్నాడు. వాడు అరువు తెచ్చుకున్న ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ హెచ్ 265లో ఉంది, సైజు తక్కువ వస్తుందని ఈ మధ్య అందరూ అదే పెడుతున్నారు. పాత టీవీలకి అది విప్పడం రాదు. సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. హెచ్ 264, ఏఏసీ ఆడియో పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కో భాగానికి ముప్పావు గంట. మూడోది అయ్యేసరికి అయిదుంబావు, కాపీ అయ్యేసరికి అయిదున్నర.

ఆరింటికి కారు వచ్చింది. అక్క పెన్ డ్రైవ్ తీసుకుని పర్సులో వేసుకుంటూ "తిన్నావా ఏమైనా?" అంది. పెదనాన్న మాత్రం "ఒక్క రాత్రి పనా ఇది, ఇన్నాళ్ళు ఎందుకు పట్టింది మరి" అన్నాడు.

పదిన్నరకి ఫోను. నిద్రలో ఎత్తాడు. మామయ్య. రేపల్లె నుంచి బావ ఆయనకి వీడియో కాల్‌లో టీవీ చూపిస్తున్నాడట.

"ఏరా చిన్నోడా, జీలకర్ర బెల్లం దగ్గర నేను లేనేంట్రా? పక్కనే ఉన్నా కదా!"

"ఉన్నారు మామయ్యా. బాగా ఉన్నారు. రెండో భాగంలో తలంబ్రాల దగ్గర చూడండి, మొహం కూడా కనిపిస్తుంది."

సరే, వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు, 50 ఫ్రేముల గురించే అనుకుంటా. మైకు అటివ్వండి.